డిస్ప్యూట్ల తర్వాత ఆగిపోయిన సెటిల్మెంట్: రిజర్వులో ఉన్న డబ్బు ఎలా విడిపించుకోవాలి?

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. మంగళగిరి, వెంకటగిరి చీరలు తెప్పించి సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతాను. దసరా సేల్‌లో కొరియర్ ఆలస్యమై తొమ్మిది మంది కస్టమర్లు తమ బ్యాంకుల్లో డిస్ప్యూట్ పెట్టి కట్టిన డబ్బు వెనక్కి అడిగారు. అప్పటి నుంచి పేమెంట్ గేట్‌వే వాళ్ళు నా సెటిల్మెంట్లన్నీ ఆపేశారు. 3,12,400 రూపాయలు రిజర్వు అని చూపిస్తోంది. ఎన్ని మెయిల్స్ పెట్టినా "రిస్క్ టీమ్ పరిశీలనలో ఉంది, 180 రోజుల వరకు పట్టవచ్చు" అని ఒకటే జవాబు. మగ్గాల వాళ్ళకు డబ్బు కట్టాలి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆర్డర్ల రిపోర్టు జత చేశాను. ఈ డబ్బు ఎలా బయటికి తీయాలి? — ఎస్., బెంగళూరు

జవాబు: మీ రిపోర్టు రెండుసార్లు చదివానండీ. ముందుగా ఒక మాట, ఈ డబ్బు ఎక్కడికీ పోలేదు. మీ గేట్‌వే లాంటి పేమెంట్ అగ్రిగేటర్లు వ్యాపారుల డబ్బును తమ సొంత ఖాతాలో కలుపుకోకూడదు, షెడ్యూల్డ్ కమర్షియల్ బ్యాంకులో దానికోసమే విడిగా పెట్టిన ఎస్క్రో ఖాతాలోనే ఉంచాలి అని రిజర్వ్ బ్యాంకు 2020 మార్చిలో ఇచ్చిన నియమాల్లోనే ఉంది. కాబట్టి అసలు ప్రశ్న ఎంత ఆపారు, ఏ లెక్కన ఆపారు, ఎప్పటి దాకా ఆపుతారు అన్నదే. మీకు వస్తున్న జవాబుల్లో ఈ మూడూ లేవు. వాటిని రాబట్టడం మన చేతుల్లో కొంత ఉంది.

వాళ్ళెందుకు ఇలా చేస్తారో తెలిస్తే వాళ్ళకు ఏం రాయాలో తెలుస్తుంది. కస్టమర్ బ్యాంకు డిస్ప్యూట్ గెలిస్తే ఆ డబ్బు ముందు గేట్‌వే నుంచి వెనక్కి పోతుంది. తర్వాత గేట్‌వే మీ దగ్గర వసూలు చేసుకోవాలి. ఆ రోజుకి మీ ఖాతాలో డబ్బు లేకపోతే, మీరు ఫోన్ ఎత్తకపోతే, నష్టం వాళ్ళది. కార్డు మీద కొన్నవాళ్ళు చాలా సందర్భాల్లో 120 రోజుల వరకు డిస్ప్యూట్ పెట్టవచ్చు. వస్తువు అందలేదన్న కేసుల్లో ఆ గడువు డెలివరీ కావలసిన తేదీ నుంచి మొదలవుతుంది. దానికి కేసు నడిచే సమయం కలిపితే మీకు చెబుతున్న 180 రోజులు వస్తాయి. అంటే రిస్క్ టీమ్ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి మీరు నిజాయితీపరులా కాదా అన్నది పెద్ద ప్రశ్న కాదు. "ఈ దుకాణం రేపు మూతపడితే మా మీద ఎంత పడుతుంది?" అన్నదే ఆయన ప్రశ్న. మీ మెయిల్ దానికి జవాబు చెప్పాలి. మగ్గాల వాళ్ళ కష్టం నిజమే, నాకు బాధగానూ ఉంది, కానీ ఆ మాటతో ఆయన ఫైలు కదపలేడు.

రాసే ముందు ఒకటి తేల్చుకోండి. హోల్డ్‌లన్నీ ఒకటి కావు. డిస్ప్యూట్ వచ్చిన ఆర్డరు మొత్తాన్ని మాత్రం పక్కన పెట్టడం ఒక రకం. ప్రతి సెటిల్మెంట్‌లోంచి నూటికి పదో పదిహేనో కోసి, కొన్ని నెలల తర్వాత అదే వరుసలో వదలడం రెండో రకం, దీన్ని రోలింగ్ రిజర్వు అంటారు. మొత్తం సెటిల్మెంటే ఆపడం మూడోది, మీకు జరిగింది ఇదే. ఇవి కాక, పోలీసు సైబర్ ఫిర్యాదు వల్ల ఆగినా, కేవైసీ పత్రాల కోసం ఆగినా బయటికి ఒకేలా కనిపిస్తుంది, దారి మాత్రం వేరు. అందుకే మొదటి మెయిల్‌లో సూటిగా అడగండి: ఈ హోల్డ్ డిస్ప్యూట్ల వల్లేనా, ఇంకేదైనా కారణం ఉందా, మన అగ్రిమెంట్‌లో ఏ క్లాజు కింద పెట్టారు? క్లాజు నంబరు రాతపూర్వకంగా వస్తే తర్వాతి మెట్లన్నీ తేలికవుతాయి.

ఇప్పుడు మీ లెక్క. సెటిల్ కాకుండా ఆగినవి 162 ఆర్డర్లు, గేట్‌వే ఫీజు పక్కన పెడితే 3,12,400 రూపాయలు. వీటిలో 122 చీరలు ఇప్పటికే కస్టమర్లకు చేరాయి, వాటి విలువ 2,36,400. 26 దారిలో ఉన్నాయి, 49,400. ఇంకా మీ ఇంట్లోనే ఉన్నవి 14, వాటి విలువ 26,600. డిస్ప్యూట్ వచ్చిన తొమ్మిదీ అంతకుముందే సెటిల్ అయిపోయిన ఆర్డర్లు, వాటి మొత్తం 17,900. మీరు ఓడిపోతే అది ఈ నిల్వలోంచే పోతుంది.

గేట్‌వే వాళ్ళకు భయం ఉండాల్సింది ఎక్కడ? తొమ్మిది డిస్ప్యూట్ల 17,900 మీద ఉంది. ఇంకా చేరని 40 చీరల 76,000 మీద ఉంది. చేరిన చీరల మీద కూడా రేపు ఎవరో ఒకరు రంగు బాగాలేదని కేసు పెట్టవచ్చు, కానీ 122 మందీ పెట్టరు కదా. చేరిన వాటి 2,36,400 లోంచి 17,900 తీసేస్తే 2,18,500 ఉంటుంది. దాని మీద నూటికి పది, అంటే 21,850 ఉంచుకోమని మీరే చెప్పండి. మూడూ కలిపితే 1,15,750. మిగిలిన 1,96,650 రూపాయలు ఇప్పుడే వదలమని అడగాలి.

"నా డబ్బు మొత్తం ఇవ్వండి" అంటే అవతల లేదు అనడం చాలా తేలిక. "లక్షా పదిహేను వేలు ఉంచుకోండి, లెక్క ఇదిగో, మిగిలింది వదలండి" అంటే ఎందుకు వదలకూడదో ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. ఆన్‌లైన్ వ్యాపారుల లెక్కలు చూసే పనిలో నేను గమనించింది ఇదే, పాక్షికంగా అడిగినవాళ్ళకే పని ముందు జరుగుతుంది. 26 చీరలు చేరుతున్న కొద్దీ వారం వారం ట్రాకింగ్ షీటు పంపి, ఆ మేరకు ఇంకొంత వదలమని అడగవచ్చు.

ఇంట్లో ఉన్న 14 సంగతి ఈ వారమే తేల్చేయండి. రెండు మూడు రోజుల్లో పంపగలిగితే పంపండి. స్టాకు రాదనుకుంటే కస్టమర్ అడగకముందే రిఫండ్ ఇచ్చేయండి. హోల్డ్‌లో ఉన్న బ్యాలెన్స్‌లోంచి రిఫండ్లు వెళ్తాయో లేదో గేట్‌వేని ముందే అడగండి. కొన్నిచోట్ల వెళ్తాయి, కొన్నిచోట్ల విడిగా డబ్బు వేయమంటారు. రిఫండ్ మాత్రం ఏ దారిన డబ్బు వచ్చిందో ఆ దారినే, డాష్‌బోర్డు నుంచే వెళ్ళాలి. కస్టమర్‌కి మీ ఫోన్ నుంచి విడిగా డబ్బు పంపితే ఆ ఆర్డరు రికార్డులో రిఫండ్ అయినట్టు కనిపించదు, రేపు అతను డిస్ప్యూట్ పెడితే మీరు మళ్ళీ కట్టాల్సి రావచ్చు.

ఇదే పొరపాటు ఇంకో రూపంలోనూ జరుగుతుంది, దీనివల్ల నష్టపోయినవాళ్ళను చాలామందిని చూశాను. బ్యాంకులో డిస్ప్యూట్ నమోదయ్యాక, కస్టమర్‌ని శాంతింపజేద్దామని మంచి మనసుతో రిఫండ్ కొడతారు. అటు ఆ డిస్ప్యూట్ మీద బ్యాంకు వెనక్కి లాగే చార్జ్‌బ్యాక్ కింద కూడా డబ్బు పోతుంది. ఒకే చీరకు రెండుసార్లు. డిస్ప్యూట్ తెరిచి ఉండగా రిఫండ్ బటన్ జోలికి పోవద్దు. తప్పు మీదే అయితే డాష్‌బోర్డులో ఆ డిస్ప్యూట్‌ని ఒప్పుకోండి, సరిపోతుంది. డిస్ప్యూట్ రాకముందే రిఫండ్ ఇచ్చేసి ఉంటే మాత్రం కార్డు రిఫండ్‌కి ఏఆర్ఎన్ నంబరు, యూపీఐకి ఆర్ఆర్ఎన్ నంబరు ఉంటాయి. అవి సాక్ష్యంగా పెడితే కేసు దాదాపు అక్కడితో ముగుస్తుంది.

ఇక తొమ్మిది డిస్ప్యూట్లు. అన్నీ ఒప్పుకోవడమూ తప్పే, అన్నిటి మీదా పోరాడటమూ తప్పే. ఒక్కోదానికి జవాబిచ్చే గడువు డాష్‌బోర్డులో ఉంటుంది, చాలాచోట్ల అది వారం పది రోజులే. గడువు దాటితే మీ దగ్గర ఎంత మంచి సాక్ష్యం ఉన్నా ఓడినట్టే. ఈ రాత్రే అన్నిటి తేదీలూ ఒక కాగితం మీద రాసుకోండి.

ఐదు కేసుల్లో చీర అందలేదన్నారు. మీ ట్రాకింగ్ ప్రకారం రెండు నిజంగానే చేరలేదు, ఒకటి కొరియర్ గోడౌన్‌లో తప్పిపోయింది, ఇంకోటి తిరిగి వస్తోంది. ఆ రెండూ వెంటనే ఒప్పుకోండి. రిస్క్ టీమ్‌కి అది మీ మీద నమ్మకం పెంచుతుంది కూడా. మిగిలిన మూడూ చేరాయని ట్రాకింగ్ చెబుతోంది. ఇక్కడ చాలామంది ట్రాకింగ్ పేజీ స్క్రీన్‌షాట్ ఒక్కటి పెట్టి ఊరుకుంటారు. అందులో డెలివరీ అయ్యింది అన్న మాట, ఊరి పేరు, తేదీ ఉంటాయి. ఆ పార్శిల్ ఆ మనిషి ఇచ్చిన చిరునామాకే చేరిందని మాత్రం అందులో ఉండదు. కావలసింది పీఓడీ, అంటే డెలివరీ రుజువు. చిరునామా, పిన్‌కోడు, తీసుకున్నవాళ్ళ పేరు, సంతకం లేదా ఓటీపీ నమోదు, వీలైతే ఫోటో ఉండాలి. కొరియర్ కంపెనీ వాటిని ఎల్లకాలం దాచదు, ఈరోజే ట్రాకింగ్ నంబర్లతో మెయిల్ పెట్టండి.

ఆ మూడింటిలో మియాపూర్ ఫ్లాటుకు వెళ్ళిన ఆర్డరు మీద నా కన్ను ఆగింది. తీసుకున్నవారి గడిలో "సెక్యూరిటీ" అని ఉంది. పెద్ద అపార్ట్‌మెంట్లలో ఇది రోజూ జరిగేదే. గేటు దగ్గర వాచ్‌మన్ తీసుకుని బల్ల కింద పెడతాడు, డ్యూటీ మారాక వచ్చినతనికి తెలియదు, కొన్నామెకు చీర రాలేదు, ఆమె అబద్ధం చెప్పడం లేదు. నేను చూసిన ఇలాంటి ఒక కేసులో గేటు రిజిస్టరు పేజీ ఫోటో తెప్పించాం. నీలి ఇంకుతో ఫ్లాటు నంబరు, కొరియర్ పేరు, సాయంత్రం టైమూ ఉన్నాయి. కస్టమర్‌కి ఆ ఫోటో పంపితే ఆమే వెళ్ళి గేటు గదిలో వెతికి పార్శిల్ తెచ్చుకుంది. మీరూ ఆమెకు ఒకసారి ఫోన్ చేయండి. కేసు వెనక్కి తీసుకోమని బతిమాలొద్దు, చీర దొరికే దారి చూపండి. దొరికితే, డిస్ప్యూట్ వెనక్కి తీసుకుంటున్నానని ఆమె తన బ్యాంకుకు మెయిల్ రాసి దాని కాపీ మీకు పంపాలి. ఆ కాపీని గడువులోగా గేట్‌వేలో పెట్టండి. "మేడమ్ ఓకే అన్నారు" అన్న వాట్సాప్ మాట ఒక్కటే చాలదు.

మూడు కేసులు రంగు గురించి. వస్తువు చెప్పినట్టు లేదని కార్డు డిస్ప్యూట్ పెట్టేవాళ్ళు దాన్ని తిరిగి పంపి ఉండాలి, కనీసం పంపడానికి ప్రయత్నించి ఉండాలి. ఆ ముగ్గురిలో ఎవరైనా రిటర్న్ అడిగారా? అడిగితే మీరేమన్నారు? చాట్ మొత్తం తీయండి. వాళ్ళు అడిగి మీరు జవాబివ్వకపోయి ఉంటే ఒప్పుకోవడమే మేలు. అసలు అడగకుండానే బ్యాంకుకు వెళ్ళి ఉంటే, మీ రిటర్న్ పాలసీ, ఆర్డరు రోజున ఉన్న చీర పేజీ, "ఫోటోకి అసలు రంగుకి కొద్దిగా తేడా ఉండవచ్చు" అన్న గమనిక ఉంటే అదీ కలిపి పెట్టండి. ఆ గమనిక నిన్న పెట్టి మొదటి నుంచీ ఉన్నట్టు చూపించవద్దు. సాక్ష్యం మార్చినట్టు తేలితే ఆ ఒక్క కేసే కాదు, ఖాతా మొత్తం పోతుంది.

తొమ్మిదోది ఈ లావాదేవీ నేను చేయలేదు అన్న కేసు. ఇది మీకు అన్నిటికన్నా బలమైనది. మన దేశపు కార్డుతో ఓటీపీ వేసి కట్టిన పేమెంట్ అయితే, మోసం జరిగిందన్న డిస్ప్యూట్ బాధ్యత మామూలుగా కార్డు ఇచ్చిన బ్యాంకు మీదికి మారుతుంది. ఓటీపీ ధృవీకరణ జరిగిన రికార్డు మీ దగ్గర ఉండదు, గేట్‌వే దగ్గర ఉంటుంది. దాన్ని జవాబుకు జత చేయమని వాళ్ళనే అడగండి. ఇంకో సంగతి, మీ రిపోర్టు పైన వ్యాపారం పేరు మీ మామగారి పేరిట ఉన్న ఎంటర్‌ప్రైజెస్‌గా ఉంది, చీరల సైటు పేరు వేరే. కస్టమర్ స్టేట్‌మెంట్‌లో మామగారి ఎంటర్‌ప్రైజెస్ కనిపిస్తే అదెవరో ఆమెకెలా తెలుస్తుంది? స్టేట్‌మెంట్‌లో దుకాణం పేరు వచ్చేలా మార్చమని గేట్‌వేకి రాయండి. అది మారే దాకా ఆర్డరు మెసేజ్‌లోనే "మీ బ్యాంకు మెసేజ్‌లో ఈ పేరు వస్తుంది" అని ఒక వాక్యం కలపండి.

ఒక నిజం కూడా చెప్పాలి. ఈ కేసుల్లో ఐదో ఆరో గెలిచినా, డిస్ప్యూట్ వచ్చిందన్న లెక్క మాత్రం మీ ఖాతా మీద అలాగే ఉంటుంది. రెండు నెలల్లో 240 ఆర్డర్లకు 9 అంటే నూటికి దాదాపు నాలుగు. ఈ రంగంలో నూటికి ఒకటి దాటితేనే కళ్ళు ఇటు తిరుగుతాయి. కాబట్టి రిస్క్ టీమ్ మెయిల్‌లో గెలుపు గురించి తక్కువ రాసి, అసలు డిస్ప్యూట్లు ఎందుకొచ్చాయో, ఏం మార్చారో ఎక్కువ రాయండి. దసరా ముందు పది రోజులు కొరియర్ పికప్ ఆగిందా? ఏ తేదీల్లో? ఇప్పుడు రెండో కొరియర్ పెట్టారా? డెలివరీ గడువు సైటులో ఐదు రోజుల నుంచి తొమ్మిదికి మార్చారా? చేసినవి మాత్రమే రాయండి.

మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్ళనివ్వండి, కానీ పొడుగు వద్దు. సబ్జెక్టులో మర్చెంట్ ఐడీ, "పాక్షిక విడుదల కోసం విన్నపం" అన్న అర్థం వచ్చే మాట. లోపల ముందు పైన చెప్పిన లెక్క, తర్వాత తొమ్మిది డిస్ప్యూట్లలో ఏది ఒప్పుకున్నారు, దేనికి ఏ తేదీన సాక్ష్యం పెట్టారు, ఆ తర్వాత మార్పులు. చివర మూడు ప్రశ్నలు: ఏ క్లాజు, ఎంత మొత్తం, ఏ తేదీన విడుదల. జతగా 162 ఆర్డర్ల షీటు. ఒక్కో వరుసలో ఆర్డరు నంబరు, పేమెంట్ ఐడీ, మొత్తం, ట్రాకింగ్ నంబరు, చేరిన తేదీ. షీటులో ఒక్క ట్రాకింగ్ నంబరు తప్పున్నా మిగతా అన్నిటినీ అనుమానిస్తారు, పంపే ముందు ఇంకొకరిచేత సరిచూపించండి.

ఏడెనిమిది రోజుల్లో అదే పాత జవాబు వస్తే, మామూలు సపోర్టుకు మళ్ళీ రాయకండి. ఫిర్యాదుల కోసం నోడల్ ఆఫీసర్‌ని పెట్టాలని, ఫిర్యాదు ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుకు వెళ్ళాలో బహిరంగంగా చెప్పాలని పేమెంట్ అగ్రిగేటర్ల మీద రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. గేట్‌వే వెబ్‌సైట్ అడుగున గ్రీవెన్స్ అన్న పేజీలో ఆ పేరూ మెయిలూ ఉంటాయి. అదే మెయిల్‌ని, పాత టికెట్ నంబర్లు పెట్టి, ఆయనకు పంపండి. ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే, రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ cms.rbi.org.in ఉంది. దాని హద్దు తెలుసుకుని వెళ్ళండి. సంస్థ వ్యాపారపరంగా తీసుకున్న నిర్ణయంలో, రిజర్వ్ బ్యాంకు తరఫున ఆ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ వేలు పెట్టడు. "రిజర్వు ఎక్కువ పెట్టారు" అంటే నిలబడదు. "అగ్రిమెంట్‌లో లేని విధంగా ఆపారు", "వాళ్ళు చెప్పిన తేదీ దాటినా వదలలేదు", "క్లాజు అడిగినా చెప్పలేదు" అంటే మీ మాటకు బలం ఉంటుంది. అందుకే మొదటి మెయిల్‌లోనే క్లాజు, తేదీ అడగమన్నాను.

ఎంఎస్ఎంఈ సమాధాన్‌లో వేయమని మీకు ఎవరో ఒకరు చెబుతారు. అది చిన్న వ్యాపారుల దగ్గర సరుకో సేవో తీసుకుని డబ్బు ఎగ్గొట్టే కొనుగోలుదారుల కోసం పెట్టింది. గేట్‌వే మీ కొనుగోలుదారు కాదు, ఆ దారిలో నెలలు పోగొట్టుకోకండి.

ఈలోపు చేయకూడనిది ఒకటుంది. మీ వారి పేరిటో తమ్ముడి పేరిటో అదే సైటుకు ఇంకో ఖాతా తెరవవద్దు. వెబ్‌సైట్ అడ్రసు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా కలిస్తే పట్టుకుంటారు, అప్పుడు ఇది తప్పించుకునే ప్రయత్నంగా రికార్డవుతుంది. కోపం వచ్చి ఇప్పుడున్న ఖాతా మూసేయకండి కూడా. ఖాతా మూసినా రిజర్వు గడువు తగ్గదు, పైగా రోజూ వచ్చే అమ్మకాలు లేకపోతే వాళ్ళ భయం పెరుగుతుంది. కొన్ని రోజులు క్యాష్ ఆన్ డెలివరీ మీద నడపండి. వేరే గేట్‌వేలో మీ పేరు మీదే దరఖాస్తు చేయాలనుకుంటే చేయండి, పాత హోల్డ్ గురించి అడిగితే దాచకుండా చెప్పండి.

మగ్గాల వాళ్ళకు మాత్రం 180 రోజుల మాట ఇప్పుడే చెప్పకండి. మెయిల్ వెళ్ళాక మొదటి జవాబు వచ్చే దాకా ఆగి, క్యాష్ ఆన్ డెలివరీలో వచ్చిన దాంట్లోంచి ముందు ఎవరికి ఎంత ఇవ్వగలరో తేదీతో సహా చెప్పండి. షీటు తయారయ్యాక, పంపే ముందు నాకు ఒకసారి పంపండి, 162 వరుసలూ సరిచూసి ఇస్తాను.